‘చెప్పలేనిది చూపబడాలి’: ఈ అనువాదం నిలుస్తుందా?

అనువాదకురాలు

సభ్యులందరికీ నమస్కారం. తత్వవేత్త విట్గెన్‌స్టైన్ తొలి గ్రంథం ‘ట్రాక్టేటస్’ మీద ఇంగ్లీషులో వచ్చిన ఒక వ్యాసాన్ని చిన్న పత్రిక కోసం తెలుగు చేస్తున్నాను. వాక్యం అంటే వాస్తవానికి గీసిన బొమ్మ వంటిదని ఆయన భావించాడనీ, దాని నుంచే ‘చెప్పలేనిది చూపబడాలి’ అనే ముగింపుకు వచ్చాడనీ వ్యాసకర్త రాశారు. ఈ ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

నా ఇబ్బంది రెండు రకాలు. మొదటిది తెలుగుది. ‘చూపబడాలి’ అని రాయగానే చూపేవారు ఎవరన్న ప్రశ్న వస్తుంది, దానికి వ్యాసంలో జవాబు లేదు. రెండవది భావానిది. వాక్యమే బొమ్మ అయినప్పుడు, బొమ్మ చేసే పని చూపడమే కనుక, భాష అంతా చూపడమే కావాలి. అప్పుడు ‘చెప్పడం’ అనే వేరే పని ఎక్కడ మిగులుతుంది? తెలిసినవారు దారి చూపితే వ్యాసాన్ని సరిగా పూర్తి చేయగలుగుతాను.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

అమ్మా, మీరు అక్కడ ఆగిపోవడం మంచిదైంది, ఎందుకంటే ఆ రూపంలో ఆ వాక్యం మూలగ్రంథంలో లేదు. రెండు వేర్వేరు వాక్యాలు కలిసిపోయి అది పుట్టిందని నా అనుమానం. 4.1212 సంఖ్య గల వాక్యం ‘చూపగలిగినదాన్ని చెప్పడం సాధ్యం కాదు’ అంటుంది. చివరిదైన 7వ వాక్యం ‘దేని గురించి మాట్లాడలేమో దాని గురించి మౌనంగా ఉండాలి’ అంటుంది. ‘ఉండాలి’ అన్న విధి మౌనానికి సంబంధించినది, చూపడానికి కాదు. చూపి తీరాలని ఆయన ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు.

ఇంకొక తేడా తర్కానికి చెందినది. ‘చూపగలిగినదేదీ చెప్పలేము’ అన్నదాన్ని తిరగేసి ‘చెప్పలేనిదంతా చూపగలం’ అనుకోవడం పొరపాటు. ఆయన ఇచ్చిన ఉదాహరణే చూడండి. ‘సోక్రటీస్ సర్వసమం’ అన్న మాటల వరుస ఏమీ చెప్పదు. ‘సర్వసమం’ అన్న మాటను రెండు పేర్ల మధ్య వాడటం తప్ప, ఒక మనిషికి విశేషణంగా వాడినప్పుడు దానికి మనం ఏ అర్థమూ కేటాయించలేదు. అది చెప్పలేనిదే, కాని దాని వెనుక చూపవలసిన లోతైన విషయమేదీ దాక్కుని లేదు. కాబట్టి చెప్పలేనివి రెండు తెగలు: ఉత్త మాటల కూర్పులు కొన్ని, వాక్యాల్లో తమంతట తాము కనబడేవి కొన్ని. వ్యాసకర్త వాక్యం ఈ రెంటినీ ఒకే గాటన కడుతోంది.

మీ రెండవ ప్రశ్నకు 4.022లో నేరుగా జవాబు ఉంది. వాక్యం తన అర్థాన్ని చూపుతుంది. తాను నిజమైతే విషయాలు ఎలా ఉంటాయో చూపుతుంది, అవి అలాగే ఉన్నాయని చెబుతుంది. బొమ్మ ఒక ఏర్పాటును కళ్ల ముందు పెడుతుంది, ‘వాస్తవం ఇదే’ అన్న దావా చెప్పడంలోకి వస్తుంది. ఒకే వాక్యం రెండు పనులూ చేస్తుంది, కాని ఒకటి చేసే పనిని రెండవది చేయలేదు.

అలంకారశాస్త్ర అభిమాని

ఈ చర్చ చదువుతుంటే మనవారిని మరచిపోయి దూరం వెళుతున్నామని అనిపిస్తోంది. 9వ శతాబ్దంలో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు, మాట నేరుగా చెప్పే వాచ్యార్థం వేరు, స్ఫురింపజేసే వ్యంగ్యార్థం వేరు అని స్థాపించాడు. ‘గంగాయాం ఘోషః’ అంటే గంగలో పల్లె అని వాచ్యం, గంగ ఒడ్డున పల్లె అని లక్ష్యం, అక్కడి చల్లదనమూ పావనత్వమూ వ్యంగ్యం. ఆ చల్లదనాన్ని వాక్యం చెప్పలేదు, చూపింది. విట్గెన్‌స్టైన్ ‘చూపడం’ మన వ్యంజనే. అనువాదకురాలు ‘వ్యంజితం కావాలి’ అని రాస్తే సరిపోతుంది.

మోటారు ప్రమాదాల కేసులు చూసే న్యాయవాది

నాకు తత్వశాస్త్రం తెలియదు, కాని ‘బొమ్మ’ అన్న మాట చూసి నా అనుభవం ఒకటి గుర్తుకు వచ్చింది. నష్టపరిహారం కేసుల్లో సంఘటనా స్థలం రఫ్ స్కెచ్ అని ఒక కాగితం ఉంటుంది. రోడ్డుకు రెండు గీతలు, లారీకి ఒక పెట్టె, మోటారు సైకిలుకు ఒక చిన్న గుర్తు, అంతే. నేను వాదించిన ఒక కేసులో ఆ స్కెచ్ మీద ఉత్తర దిశ బాణం వేయలేదు. మా క్లయింటు తన ఎడమ పక్కనే వస్తున్నాడా, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లాడా అన్నది ఆ ఒక్క కాగితం నుంచి తేలక రెండు వాయిదాలు గడిచాయి.

నా సందేహం ఇది. బాణం, కొలత, ‘పెట్టె గుర్తు అంటే లారీ’ అన్న సూచిక, ఇవన్నీ స్కెచ్ మూలలోనే రాస్తారు. అంటే బొమ్మ తాను ఏ పద్ధతిలో గీయబడిందో తానే చెప్పుకుంటోంది. మరి చెప్పలేనిది అంటూ ఏమి మిగిలింది?

విశ్రాంత తర్కాధ్యాపకుడు

న్యాయవాది గారూ, ఈ ఆలోచన మొదలైన చోటికే మీరు మమ్మల్ని తీసుకువెళ్లారు. 1914 సెప్టెంబరు 29న, యుద్ధంలో సైనికుడిగా ఉన్న విట్గెన్‌స్టైన్ తన నోటు పుస్తకంలో, పారిస్ న్యాయస్థానంలో ఒక మోటారు ప్రమాదాన్ని ఆటబొమ్మలు పెట్టి చూపినట్టే వాక్యంలో ఒక ప్రపంచాన్ని ప్రయోగంగా అమర్చి చూస్తాము అని రాసుకున్నాడు. మీ రఫ్ స్కెచ్ ఆ బొమ్మలకు దగ్గరి బంధువు. అందుచేత మీ సందేహాన్ని ఆ బొమ్మల మీదే మెల్లగా పరీక్షిద్దాం.

బల్ల మీద ఒక అగ్గిపెట్టె, ఒక సున్నపు ముక్క ఉన్నాయనుకోండి. అగ్గిపెట్టె లారీ, సున్నపు ముక్క మోటారు సైకిలు. అగ్గిపెట్టె ఒక్కటీ చేతిలో పట్టుకుంటే ఏ వార్తా లేదు, అది ఒక పేరు మాత్రమే. రెంటినీ ఒక పద్ధతిలో అమర్చినప్పుడే ‘లారీ మోటారు సైకిలుకు ఎడమ పక్కన ఉంది’ అన్న మాట బయటికి వస్తుంది. ఇక్కడ గమనించవలసింది, ‘ఎడమ పక్కన ఉండటం’ అన్నదానికి బల్ల మీద మూడో వస్తువు లేదు. ఆ సంబంధానికి ప్రతినిధిగా ఒక గుండీ పెట్టలేదు. అగ్గిపెట్టె సున్నపు ముక్కకు ఎడమ పక్కన ఉండటమే ఆ సంబంధాన్ని మోస్తోంది. అమరిక తప్పయితే బొమ్మ అబద్ధమవుతుంది, కాని అబద్ధమైన బొమ్మ కూడా బొమ్మే. అబద్ధం ఆడటానికైనా అది రోడ్డుతో ఒక పొత్తు కలిగి ఉండాలి. రోడ్డు మీద వాహనాలు ఎన్ని విధాలుగా ఉండగలవో బల్ల మీద వస్తువులు అన్ని విధాలుగా ఉండగలగడమే ఆ పొత్తు.

ఇప్పుడు మీ సూచిక దగ్గరికి వస్తాను. ‘అగ్గిపెట్టె అంటే లారీ’, ‘ఒక జాన అంటే పది గజాలు’, ‘ఈ బాణం ఉత్తరం’ అని చెప్పడం సాధ్యమే, మీరు అన్నది నిజం. ఇవి బొమ్మను రోడ్డుకు తగిలించే కొక్కేలు. అవి లేకపోతే ఏమి జరుగుతుందో మీ కేసులోనే చూశారు. అయితే సూచికలో ఎన్ని మాటలు రాసినా, బల్ల మీది దూరం రోడ్డు మీది దూరానికి బొమ్మ కాగలగడం అన్న సంగతి అందులోకి రాదు. అది రాయాలని ఒక చీటీ పెట్టారనుకోండి. ఆ చీటీ బల్ల మీది మరో వస్తువు అవుతుంది, దాన్ని ఎలా చదవాలో ఇంకో చీటీ అడుగుతుంది. లేదా అది పూర్తి వాక్యమైతే, ఆ వాక్యం అర్థం కావడానికి దానిలోనూ మాటల అమరికకూ విషయాల అమరికకూ అదే పొత్తు ముందే ఉండాలి. చెప్పదలచుకున్నదాన్ని వాడుకోకుండా చెప్పే చోటు దొరకదు. 2.174లో ఆయన అన్నది ఇదే: బొమ్మ తన చిత్రణ రూపానికి బయట నిలబడలేదు. 2.172 ప్రకారం ఆ రూపాన్ని బొమ్మ చిత్రించదు, తనలో కనబరుస్తుంది.

అందువల్ల మీ ప్రశ్నకు జవాబు రెండు ముక్కలు. ఏ వస్తువు దేనికి ప్రతినిధి అన్నది చెప్పవచ్చు. బొమ్మకూ రోడ్డుకూ ఉమ్మడిగా ఉన్న రూపాన్ని చెప్పడానికి వీలు లేదు. పేరులేని ఆ ఉమ్మడి సంగతి బొమ్మను చదవగలగడంలోనే మనకు తెలుస్తుంది.

వ్యాకరణ విద్యార్థి

మాస్టారూ, ఇదంతా ఇంగ్లీషు, జర్మన్ వాక్యాలకు సరిపోవచ్చు. తెలుగుకు సరిపోతుందని నాకు నమ్మకం లేదు. ఇంగ్లీషులో కర్త ముందు, కర్మ తర్వాత వస్తుంది, వరుస మారిస్తే అర్థం మారుతుంది. అక్కడ అమరిక సంబంధాన్ని చూపుతుంది అనవచ్చు. మనకు ‘రాముడు సీతను చూశాడు’ అన్నా, ‘సీతను రాముడు చూశాడు’ అన్నా, ‘చూశాడు రాముడు సీతను’ అన్నా చూసినవాడు రాముడే. తెలుగులో ఆ సంబంధాన్ని ‘ను’ అన్న విభక్తి ప్రత్యయం స్పష్టంగా చెబుతోంది. ఇంగ్లీషులో చూపబడేది తెలుగులో చెప్పబడుతోంది కనుక, చెప్పలేని రూపం అన్నది ఒక భాషాకుటుంబం లక్షణమే తప్ప భాష అన్నదాని లక్షణం కాదని నాకు అనిపిస్తోంది.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

నాయనా, నీ మాటలో సగం పూర్తిగా నిజం. మాటల వరుసే వాక్యానికి ప్రాణమని అనుకునేవారికి తెలుగు మంచి జవాబు. కాని విట్గెన్‌స్టైన్ వరుస గురించి మాట్లాడలేదు. 3.1432లో ఆయన జాగ్రత్తగా అన్న మాట ఇది: ‘aRb అనే గుర్తు a కి b తో R సంబంధం ఉందని చెబుతుంది’ అనకూడదు, ‘a అనే గుర్తు b అనే గుర్తుతో ఒక విధమైన సంబంధంలో ఉండటమే aRb అని చెబుతుంది’ అనాలి. ఆ ‘ఒక విధమైన సంబంధం’ పక్కపక్కన ఉండటమే కానక్కరలేదు.

ఇప్పుడు నీ వాక్యాన్నే తీసుకుందాం. ‘ను’ ఒక వస్తువుకో సంబంధానికో పేరైతే నీ వాక్యం రాముడు, సీత, ‘ను’, చూడటం అన్న నాలుగు పేర్ల పట్టిక అవుతుంది. పట్టిక ఏమీ చెప్పదు. కిరాణా చీటీలో బియ్యం, పప్పు, ఉప్పు అని ఉన్నంత మాత్రాన అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. నీ వాక్యం పట్టిక కాకపోవడానికి కారణం, ‘ను’ సీతకు తగిలి ఉండటం, రాముడికి తగలకపోవడం. అదే ప్రత్యయాన్ని అవతలికి మార్చి చూడు: ‘రాముణ్ణి సీత చూసింది’. అవే రెండు పేర్లు, అదే ప్రత్యయం, కాని వార్త తలకిందులైంది. క్రియ కూడా ‘చూసింది’ అని మారి సీత వైపు తిరిగింది. సంబంధాన్ని మోసింది ‘ను’ అనే అక్షరం కాదు, అది ఎవరికి తగిలిందన్న సంగతి. ఇంగ్లీషు వరుసతో చేసే పనిని తెలుగు తగిలింపుతో చేసింది. రెండు చోట్లా పని చేసింది ఒక ఏర్పాటే.

వ్యాకరణ విద్యార్థి

తగిలింపు కూడా ఒక ఏర్పాటే అన్నది ఒప్పుకుంటున్నాను. అయితే నా దగ్గర ఇంకొక వాక్యం ఉంది. అచేతనమైన కర్మకు మనం తరచుగా ప్రత్యయం పెట్టము. ‘రాముడు పుస్తకం చదివాడు’. వరుస మార్చి ‘పుస్తకం రాముడు చదివాడు’ అనవచ్చు. పుస్తకానికి ద్వితీయ లేదు. క్రియలోని పుంలింగం రాముణ్ణి పట్టిస్తుంది అంటారేమో, ‘పిల్లి పాలు తాగింది’లో పిల్లి ఏకవచనం, పాలు బహువచనం కనుక అక్కడా క్రియ సాయపడుతుంది. మరి ‘ఆవు గడ్డి తిన్నది’, ‘గడ్డి ఆవు తిన్నది’ అన్నప్పుడు? రెండూ ఏకవచనాలే, రెండూ అమహద్వాచకాలే, ప్రత్యయమూ లేదు, వరుసకూ విలువ లేదు. అయినా గడ్డి ఆవును తినదు కనుక మనకు తెలిసిపోతుంది. ఇక్కడ రూపం వాక్యంలో కనబడటం లేదు, లోకజ్ఞానంలో ఉంది.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

ఇది గట్టి వాక్యం. దీనికి ఆ గ్రంథం ఇచ్చే జవాబు నాకు తెలుసు, కాని అది నాకు తృప్తినివ్వదు. 4.002లో ఆయన, వాడుక భాష ఆలోచనకు వేషం వేస్తుందనీ, బట్టల ఆకారాన్ని చూసి లోపలి శరీరాన్ని ఊహించలేమనీ అన్నాడు. అంటే ‘గడ్డి ఆవు తిన్నది’ అన్న పైరూపం బట్ట మాత్రమే, పూర్తిగా విడమరిస్తే తినేది ఏదో తినబడేది ఏదో గుర్తుల్లోనే తేలుతుంది. కాని ఆ విడమరచడం చివరిదాకా చేసిన ఒక్క ఉదాహరణ కూడా ఆయన ఇవ్వలేదు. చివరికి మిగిలే అతి సరళమైన పేర్లు ఏమిటో, వాటికి ఎదురుగా నిలిచే వస్తువులు ఏమిటో గ్రంథంలో ఎక్కడా లేదు. 1929లో కేంబ్రిడ్జికి తిరిగి వచ్చాక, ఒకే చోట రెండు రంగులు ఉండలేకపోవడాన్ని విడమరచబోయినప్పుడు ఈ లోటు ఆయనకే అడ్డు తగిలింది. నీ ఆవు వాక్యాన్ని నేను పక్కన పెట్టడం లేదు, దగ్గర పెట్టుకుంటాను.

అలంకారశాస్త్ర అభిమాని

నా మాటకు ఎవరూ బదులు ఇవ్వలేదు.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

క్షమించండి, ఆలస్యం నాదే. ‘గంగాయాం ఘోషః’ ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం. ఆ పల్లె చల్లగా ఉంటుందని మరో వాక్యంలో సూటిగా చెప్పవచ్చు, మీరే ఇప్పుడు చెప్పారు. సూటిగా చెబితే అందం పోతుంది, విషయం పోదు. ట్రాక్టేటస్‌లో కనబడే రూపాన్ని ఏ మరో వాక్యంలోనూ చెప్పలేము. పైగా వ్యంజనకు కవి కావాలి, సహృదయుడు కావాలి. తర్కరూపం ‘ఆవు గడ్డి తిన్నది’ అన్న వాక్యంలోనూ, న్యాయవాది గారి రఫ్ స్కెచ్‌లోనూ సమానంగా ఉంటుంది. అందుకే ‘వ్యంజితం’ అన్న మాట పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుందని భయపడుతున్నాను.

అలంకారశాస్త్ర అభిమాని

ఒక విషయాన్ని స్ఫురింపజేసే వస్తుధ్వని సంగతిలో మీరు అన్నది ఒప్పుకుంటాను, ఉదాహరణ తొందరపడి ఎంచుకున్నాను. కాని కరుణ వంటి రసాన్ని స్ఫురింపజేసే రసధ్వనిని అలా తోసివేయలేరు. పద్యంలో ‘శోకం’ అన్న మాట ఎన్నిసార్లు వాడినా కరుణ పుట్టదు. రసాన్ని దాని పేరుతో చెప్పడాన్ని ఆలంకారికుడు మమ్మటుడు దోషంగా లెక్కించాడు. రసం ఎన్నటికీ వాచ్యం కాదు. ఇది మరో వాక్యంలో చెప్పగలిగే చల్లదనం వంటిది కాదు.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

ఇక్కడ మీరు నాకు దగ్గరికి వచ్చారు. 1917లో మిత్రుడు ఎంగెల్మన్ పంపిన ఉలాండ్ పద్యం చదివి విట్గెన్‌స్టైన్ జవాబు రాస్తూ, పలకరానిదాన్ని పలకడానికి ప్రయత్నించకపోతే ఏదీ పోదనీ, అది పలికినదానిలోనే పలకకుండా ఇమిడి ఉంటుందనీ అన్నాడు. ఆ ఉత్తరం మీ రసధ్వని పక్కన పెట్టదగినదే. కాని పద్యంలో ఇమిడినదీ, ప్రతి వాక్యంలోనూ ఉన్న తర్కరూపమూ ఒకే ‘చూపడం’ కిందికి వస్తాయా, ఆయన ఒకే మాటను రెండు పనులకు వాడాడా అన్నది నాకు తేలలేదు. 6.522లో ‘పలకరానిది ఉన్నది, అది తనంతట తాను కనబడుతుంది’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది తర్కరూపం కాదని మాత్రం అనుకుంటున్నాను.

గణితం చదువుతున్న పాఠకురాలు

మాస్టారు గారూ, నేను మూడు రోజులుగా చదువుతూ ఉన్నాను. నాకు ఒకటే అడగాలని ఉంది. ‘బొమ్మకూ రోడ్డుకూ ఉమ్మడిగా ఉన్న రూపాన్ని చెప్పలేము’ అని మీరు పైన స్పష్టమైన తెలుగులో చెప్పారు, నాకు అర్థమైంది కూడా. చెప్పలేనిదాన్ని మీరు చెప్పారా, లేక నాకు అర్థమైందన్నది భ్రమా? ఆ పుస్తకాన్ని ఇంగ్లీషు చేయడంలో పాలుపంచుకున్న ఫ్రాంక్ రామ్సే తర్వాత 1929లో, చెప్పలేనిదాన్ని చెప్పలేము, ఈల వేసి కూడా వినిపించలేము అని రాశాడు. నాకు రామ్సే పక్షమే న్యాయంగా తోస్తోంది. ‘చూపడం’ అన్నది ఈల వేయడానికి పెట్టిన గౌరవనీయమైన పేరు కాదని ఎలా తెలుస్తుంది?

విశ్రాంత తర్కాధ్యాపకుడు

మీరు వేలు పెట్టిన చోటే తత్వవేత్త రసెల్ కూడా పెట్టాడు. 1922లో వచ్చిన ఇంగ్లీషు ప్రచురణకు ముందుమాట రాస్తూ, చెప్పలేనివాటి గురించి విట్గెన్‌స్టైన్ చాలానే చెప్పగలిగాడని అన్నాడు. ఒక భాష రూపాన్ని దాని పైన ఉండే మరో భాషలో చెప్పవచ్చేమో అని ఒక దారి కూడా సూచించాడు. తర్వాతి తర్కశాస్త్రం చాలావరకు ఆ దారిలోనే నడిచింది. విట్గెన్‌స్టైన్‌కు ఆ దారి సమ్మతం కాదు. పై భాషకూ ఒక రూపం ఉంటుంది కదా, మళ్లీ అదే చోటికి వస్తాము.

ఇబ్బంది ఆయనకు తెలుసు. చివరికి ముందు వచ్చే 6.54లో, నన్ను అర్థం చేసుకున్నవాడు నా వాక్యాలు వాక్యాలే కావని గుర్తిస్తాడు, పైకెక్కాక నిచ్చెనను తోసివేయాలి అని రాశాడు. దీన్ని ఎలా తీసుకోవాలన్నదానిపై ఈనాటికీ పండితులు రెండు పక్షాలు. నిచ్చెన పోయినా చూసినది మిగులుతుందని ఒక పక్షం. అలా మిగిలిందనుకోవడం నిచ్చెనను చేతిలో పట్టుకుని తోసివేశామనడమే అని కోరా డైమండ్ వంటివారి పక్షం. నేను ఇరవై ఏళ్లు మొదటిది బోధించాను. ఇప్పుడు నాకు అంత ధైర్యం లేదు.

అయినా ఈల విషయంలో ఒక్క మాట. ‘వాన కురుస్తోంది లేదా కురవడం లేదు’ అన్న వాక్యాన్ని చూడండి. బయటి వాతావరణం గురించి అది మీకు ఏమీ చెప్పదు. కాని అది ఎప్పటికీ అబద్ధం కాలేదన్న సంగతి, నిజానిజాల పట్టిక వేసి చూస్తే గళ్లలోనే కనబడుతుంది. ‘ఈ వాక్యం ఎప్పటికీ నిజం’ అన్న ఇంకో వాక్యం మీకు అక్కరలేదు. ఇక్కడ కనబడటం అన్నది ఈల కాదు, వేలు పెట్టి చూపగలిగిన పట్టిక. మిగతా చోట్లకు ఈ స్పష్టత ఎంతవరకు సాగుతుందన్నదే మన తగాదా.

గణితం చదువుతున్న పాఠకురాలు

పట్టిక విషయం ఒప్పుకుంటున్నాను. అది ఒక లెక్కను చేసి చూపడం వంటిది. కాని దాని నుంచి ‘పలకరానిది’ దాకా వెళ్లే మెట్లు నాకు కనబడటం లేదు, ఆ ఒక్క మాటా నిలుపుకుంటాను.

అనువాదకురాలు

అందరికీ కృతజ్ఞతలు. నా చిత్తుప్రతి ఇక్కడ పెడుతున్నాను. జర్మన్ మూలంలో 4.1212కూ 6.522కూ క్రియారూపం వేరుగా ఉందని గమనించాను. మొదటిదానిలో కర్మణి ప్రయోగం, రెండవదానిలో ‘తనను తాను చూపుకొను’ అనే ఆత్మార్థకం. తెలుగులో ‘చూపించుకొను’ అంటే వైద్యుడి దగ్గర పరీక్ష చేయించుకోవడం కనుక అది పనికిరాదు. మనకు ‘కనబడు’ అన్న మాట ఉండగా ‘చూపబడు’ను తయారు చేయనక్కరలేదని తేల్చుకున్నాను. వాక్యం కర్తగా ఉన్నచోట ‘చూపుతుంది’ అనీ, లేనిచోట ‘కనబడుతుంది’ అనీ రాస్తాను.

4.022: వాక్యం తన అర్థాన్ని చూపుతుంది.
4.1212: చూపగలిగినదాన్ని చెప్పలేము.
6.522: పలకరానిది ఉన్నది. అది తనంతట తాను కనబడుతుంది.

ఎప్పటికీ నిజమైన వాక్యాలకు ‘ఏమీ చెప్పని వాక్యాలు’ అనీ, సోక్రటీస్ ఉదాహరణ వంటివాటికి ‘వాక్యం కానివి’ అనీ వాడుతున్నాను. ‘అనర్థకం’ అంటే తెలుగు పాఠకుడికి ఉపద్రవం స్ఫురిస్తుంది, ‘నిరర్థకం’ అంటే వృథా అని స్ఫురిస్తుంది. వ్యాసకర్త వాక్యాన్ని మార్చే హక్కు నాకు లేదు కనుక, దాన్ని గురించి ఆయనకు ఉత్తరం రాశాను.

న్యాయవాది

నాది ఇంకొక్క ప్రశ్న. స్కెచ్‌లో ‘లారీ అక్కడ ఉంది’ అని గీయగలను. ‘లారీ అక్కడ లేదు’ అని ఎలా గీయాలి? ఖాళీ వదిలితే నేను గీయడం మరచిపోయానని ఎదుటి వకీలు అంటారు. కొట్టివేత గుర్తు పెడితే అది రోడ్డు మీది ఏ వస్తువుకు బొమ్మ?

విశ్రాంత తర్కాధ్యాపకుడు

ఏ వస్తువుకూ కాదు. 4.0312లో ఆయన తన మూలాలోచన అని పేరు పెట్టింది సరిగ్గా దీనికే: ‘కాదు’, ‘లేదా’ వంటి తర్కపు మాటలు దేనికీ ప్రతినిధులు కావు. తెలుగే దీనికి మంచి సాక్ష్యం ఇస్తుంది. ‘వస్తాడు’కు వ్యతిరేకం ‘రాడు’. ఇందులో ‘కాదు’ అన్న మాట విడిగా ఎక్కడా లేదు, ధాతువు తీరే మారింది. ఇక ‘రాక మానడు’ చూడండి. రెండు వ్యతిరేకాలు కలిసి ‘వస్తాడు’ దగ్గరికే తిరిగి వచ్చాయి. వ్యతిరేకం ఒక వస్తువుకు పేరైతే ‘రాక మానడు’ అన్నది ‘వస్తాడు’లో లేని రెండు వస్తువుల గురించి మాట్లాడాలి. అలా మాట్లాడటం లేదు. మీ కొట్టివేత గుర్తు ఆ బొమ్మను తిప్పి వాడమంటోంది, అంతే.

వ్యాకరణ విద్యార్థి

కాని మాస్టారూ, ‘రాక మానడు’ అన్నా ‘వస్తాడు’ అన్నా ఒకటే అని ఏ తెలుగువాడూ ఒప్పుకోడు. మొదటిదానిలో భరోసా ఉంది. ఎవరో రాడేమోనని సందేహించినప్పుడే మా అమ్మమ్మ ఆ మాట అనేది.

విశ్రాంత తర్కాధ్యాపకుడు

అవును. తర్కవేత్త ఫ్రేగే అయితే దాన్ని మాటకు అంటిన రంగు అని, నిజానిజాలకు దానితో పని లేదని పక్కకు పెట్టేవాడు. ట్రాక్టేటస్‌లో దానికి చోటు లేదు. మీ అమ్మమ్మ ఆ మాటలో భరోసాను చెప్పిందా, చూపిందా అన్నది నేను ఇప్పటికిప్పుడు తేల్చలేను.